ఓదార్పుకీ ఓ హద్దుంది

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడ మీద పడింది. డైవర్షన్ కాలువకు గండ్లు పడటంతో సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ వంటి చోట్ల జనం డాబాలెక్కి కూర్చున్నారు. అన్నం పొట్లాలు, మంచినీళ్లు పడవల మీద వచ్చాయి, కొన్నిచోట్ల డ్రోన్ల మీద కూడా వచ్చాయి. సైన్యం చేయి కూడా కలిశాక, సెప్టెంబరు 7కి గండ్లు పూడ్చారు. ఆ తర్వాత మొదలైంది అసలు పని. మోకాలి లోతు బురద, ఉబ్బిపోయిన బీరువా తలుపులు, పనికిరాని ఫ్రిజ్, తడిసి ముద్దయిన పరుపులు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ల జాబితాలో తమ పేరుందో లేదోనన్న దిగులు వీటికి తోడు.

అలాంటి వీధిలోకి మొదట అడుగుపెట్టేది మానసిక వైద్యులు కాదు. పక్క కాలనీ కుర్రాళ్లు, డ్వాక్రా సంఘం లీడరమ్మ, ఆశా కార్యకర్త, ఎన్‌ఎస్‌ఎస్ విద్యార్థులు, గుడి కమిటీవాళ్లు, చర్చి యువకులు. చేతిలో నీళ్ల సీసాలుంటాయి, బ్లీచింగ్ పౌడరు పొట్లాలుంటాయి. ఎదురుగా ఓ మనిషి కూలబడి ఏడుస్తుంటే ఏం చేయాలో మాత్రం వాళ్లకెవరూ చెప్పి ఉండరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, వార్ ట్రామా ఫౌండేషన్, వరల్డ్ విజన్ కలిసి 2011లో ఓ చిన్న మార్గదర్శిని తెచ్చింది వీళ్ల కోసమే. దాని పేరు సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్. చదువుతో, డిగ్రీతో పనిలేకుండా ఒక్కరోజులో నేర్పగలిగేది. ముంపు కాలనీలో పనిచేయబోయే ఇరవై, పాతికమందికి ఆ ఒక్కరోజు శిక్షణ ఎలా సాగాలన్నదే ఈ వ్యాసం.

శిక్షణలో మొదటి గంట, వలంటీరు ఏం కాడో చెప్పడానికే పోవాలి. అతను కౌన్సెలర్ కాదు. జబ్బు పేరు పెట్టడు, మందు చెప్పడు. అన్నిటికంటే ముఖ్యంగా, జరిగిందంతా మొదటినుంచీ చెప్పమని ఎవరినీ అడగడు. ఈ చివరి మాట దగ్గర గదిలో తప్పకుండా ఎవరో ఒకరు చేయెత్తుతారు. “కడుపులో ఉన్నదంతా కక్కేస్తే తేలికపడతారు కదండీ?” అని.

చాలాకాలం నిపుణులూ అలాగే అనుకున్నారు. అమెరికాలో జెఫ్రీ మిచెల్ అనే ఆయన 1983లో డీబ్రీఫింగ్ అనే పద్ధతి ప్రతిపాదించాడు. దాన్ని మొదట అగ్నిమాపక దళాల వంటి అత్యవసర సిబ్బంది కోసం తయారుచేశారు. ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి, ఏం చూశారు, ఏమనిపించింది అని వరసగా చెప్పించడం ఇందులో పద్ధతి. అది నెమ్మదిగా ప్రమాదాల్లో, విపత్తుల్లో చిక్కుకున్న మామూలు జనానికీ పాకింది. తీరా పరిశోధనలన్నీ కలిపి చూస్తే, ఒక్కసారి కూర్చోబెట్టి చెప్పించడం తర్వాత వచ్చే మానసిక రుగ్మతను ఆపలేదు. ఒకటి రెండు అధ్యయనాల్లో, అలా చెప్పించినవాళ్లే కొంతకాలం తర్వాత ఎక్కువ ఇబ్బంది పడ్డారని తేలింది. అందుకే ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. మనిషి తనంతట తాను చెబితే వింటాం, చెప్పకపోతే తవ్వం. టీవీ మైకు పట్టుకున్నవాడికీ వలంటీరుకీ ఉండాల్సిన తేడా ఇక్కడే ఉంది.

ఆ మాటకొస్తే ఫస్ట్ ఎయిడ్ వల్ల తర్వాతి జబ్బులు ఆగిపోతాయని గట్టిగా రుజువు చేసిన అధ్యయనాలూ లేవు. విపత్తుల అనుభవం నుంచీ, నిపుణుల ఏకాభిప్రాయం నుంచీ పుట్టిన పద్ధతి ఇది. భద్రంగా ఉన్నామన్న ధీమా, కాస్త నెమ్మది, అయినవాళ్ల తోడు, తన పని తాను చేసుకోగలనన్న నమ్మకం, ముందుముందు బాగుపడుతుందన్న ఆశ. ఈ ఐదూ అందినవాళ్లు మెల్లగా కోలుకుంటారన్నది దీని ఆధారం. శిక్షకుడు ఈ సంగతి దాచకుండా చెప్పడమే మంచిది. లేకపోతే సాయంత్రానికి ఇరవైమంది కుర్రాళ్లు తామేదో మంత్రం నేర్చుకున్నామనుకుని వీధిన పడతారు.

మార్గదర్శినిలో పనిని మూడు మాటల్లో చెప్పారు: చూడు, విను, కలుపు. చూడటమంటే వీధిలోకి వెళ్లగానే నోరు తెరవకుండా ఒకటి రెండు నిమిషాలు గమనించడం. వేలాడే కరెంటు తీగ ఉందా, గోడ బీటలు వారిందా, పాములున్నాయా అన్నవి ముందు. మనిషి క్షేమంగా లేనిచోట ఓదార్పు మాటలు దండగ. తర్వాత, ఎవరికి తక్షణం సాయం కావాలి అన్నది. గట్టిగా ఏడుస్తున్నావిడ చుట్టూ ఎలాగూ పదిమంది ఉంటారు. మూలన గోడకేసి చూస్తూ, పిలిస్తే పలకకుండా కూర్చున్న పెద్దాయన దగ్గర ఎవరూ ఉండరు. ఒంటరి వృద్ధులు, నెలలు నిండిన గర్భిణి, చంటిపిల్లల తల్లి, నడవలేనివాళ్లు, అప్పటికే మానసిక వ్యాధికి మందులు వాడుతున్నవాళ్లు... వీధిలో వీళ్లెక్కడున్నారో కళ్లు వెతకాలి. ఏడుపు, కోపం, వణుకు, నిద్ర పట్టకపోవడం, వాన చప్పుడుకి ఉలిక్కిపడటం మొదటి రోజుల్లో జబ్బు లక్షణాలు కావు. అంత జరిగాక అలా ఉండటం సహజం. ఎక్కువమందికి అవి కొన్ని వారాల్లో సర్దుకుంటాయి. కాబట్టి వీధిలో ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి మాట్లాడించాల్సిన పనిలేదు.

వినడం అనేది ఉపన్యాసంతో వచ్చేది కాదు, ఆడి చూపించాల్సిందే. మధ్యాహ్నం మొత్తం దానికే కేటాయించాలి. అభ్యాసం కోసం ఓ పాత్రను అనుకుందాం. నలభై అయిదేళ్ల ఆవిడ, సింగ్‌నగర్‌లో ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది, వీధంతా మిషను అక్క అంటారు. భర్త ఆటో నడుపుతాడు. మిషను నాలుగు రోజులు నీళ్లలో ఉంది. దసరాకని జనం ఇచ్చిన జాకెట్టు ముక్కలన్నీ బురదపాలు. కూతురి ఇంటర్ సర్టిఫికెట్లు తడిసిపోయాయి. ఓ వలంటీరు అక్కగా గుమ్మంలో కూర్చుంటుంది, డిగ్రీ చదివే కుర్రాడు పలకరించడానికి వస్తాడు. మొదటిసారి అతన్ని తోచినట్టు చేయమంటారు.

“ఊరుకో అక్కా, ఏడవకు. ప్రాణాలు దక్కాయి, అదే పదివేలు. మీకంటే ఘోరంగా మునిగినవాళ్లున్నారు అవతలి వీధిలో. మా పెద్దమ్మగారిల్లు చూడాలి మీరు, పైకప్పుదాకా నీళ్లే. ప్రభుత్వం డబ్బులిస్తుందిలే, అన్నీ కొత్తవి కొనుక్కోవచ్చు.”

నాలుగు మాటలూ మంచి మనసుతో అన్నవే. అయితే అక్క పాత్ర వేసినావిడను ఎలా ఉందని అడిగితే, “ఇంక చెప్పాలనిపించలేదండీ” అంటుంది. తన నష్టాన్ని వేరేవాళ్ల నష్టంతో తూచేశాడు, తన ఏడుపు ఆపేయమన్నాడు, సొంత కథ ఎత్తుకున్నాడు, తన చేతిలో లేని డబ్బుకి హామీ ఇచ్చాడు. ఆ ఏడాది ప్రభుత్వం కింది అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తువాళ్లకి 10 వేలు ప్రకటించింది నిజమే. కానీ జాబితాలో పేరెక్కనివాళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగిందీ నిజమే. వలంటీరు ఇచ్చిన హామీ వమ్మయితే, ఆ వీధిలో తర్వాత వచ్చే ఏ వలంటీరునూ ఎవరూ నమ్మరు.

రెండోసారి అదే సన్నివేశం ఇలా నడుస్తుంది.

“నమస్తే అక్కా. నేను ఈ వీధిలో సాయం చేస్తున్నవాళ్లలో ఒకణ్ని, కాలేజీ తరఫున వచ్చాం. కాసేపు కూర్చోవచ్చా?”

“కూర్చోవడానికేముందయ్యా, కుర్చీలన్నీ బురదే.”

కుర్రాడు మెట్టు మీదే కూర్చుంటాడు, ఆమెకంటే ఎత్తులో కాకుండా. ఫోను జేబులో పెట్టేస్తాడు. కాసేపు మాటల్లేవు. ఇక్కడే గదిలో అందరూ ఇబ్బందిగా కదులుతారు, ఎవరో నవ్వుతారు కూడా. శిక్షకుడు మాత్రం ఆపకూడదు. చివరికి ఆమే అంటుంది:

“మిషను పోతే పోయింది. వాళ్ల జాకెట్లకి ఏం చెప్పమంటావు నన్ను?”

“వాళ్లు నమ్మకంతో ఇచ్చారు, అదే బాధగా ఉంది మీకు.”

“అదేగా మరి. ఇరవయ్యేళ్లుగా కుడుతున్నా, ఒక్క మాట పడలేదు ఎవరితోనూ.”

“ఇప్పుడు అన్నిటికంటే ముందు ఏ పని అయితే కాస్త ఊపిరి తీసుకోవచ్చనిపిస్తోంది అక్కా?”

ఆమె జాకెట్ల సంగతి చెబుతుందనుకుంటాం. కూతురి సర్టిఫికెట్లంటుంది. అవసరం ఏమిటో మనం ఊహించకుండా అడగాల్సింది ఇందుకే. కుర్రాడు దానికిచ్చే జవాబు చూడండి. “తడిసిన సర్టిఫికెట్లకి డూప్లికేటు ఎలా ఇస్తున్నారో నాకు తెలియదక్కా. కనుక్కుని రేపు పదకొండింటికి వచ్చి చెబుతాను. పని జరగకపోయినా వచ్చి ఆ సంగతే చెబుతాను.” తెలియనిది తెలియదన్నాడు. తన చేతిలో ఉన్నది మాత్రమే ఒప్పుకున్నాడు. జాకెట్ల విషయానికొస్తే, వాళ్ల పేర్లు గుర్తున్నాయా అని అడుగుతాడు. ఆమె వేళ్ల మీద లెక్కపెడుతూ చెబుతుంటే, కూతురు కాగితం మీద రాస్తుంది. ఎవరికి ముందు ఫోన్ చేయాలో ఆమే తేల్చుకుంటుంది. అతను కూడా చేసిపెట్టగలిగిన పనే, కానీ ఆమె చేస్తేనే ఆమె చేతుల్లో మళ్లీ ఏదో ఉన్నట్టవుతుంది.

మనిషి మాటలందే స్థితిలో లేకుండా ఆయాసపడుతూ, వణుకుతూ ఉంటే ఇదంతా కుదరదు. అప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. గొంతు తగ్గించి పేరుతో పిలవడం, రెండు పాదాలూ నేలకి ఆనించమనడం, చుట్టూ కనబడే మామూలు వస్తువులు రెండు మూడు చెప్పమనడం, ఊపిరి మెల్లగా వదలమంటూ మనమూ అలాగే వదలడం. ఆడమనిషి భుజం మీద పరాయి కుర్రాడు చేయి వేయకూడదన్న సంగతి మన ఊళ్లలో విడిగా నేర్పక్కర్లేదు. పెద్దాయన చేతిని వలంటీరమ్మాయి పట్టుకోబోయే ముందు కూడా ఆయనకి ఇష్టమో కాదో చూడాలన్నది మాత్రం చెప్పాల్సిందే.

మళ్లీ మిషను అక్క దగ్గరికి వద్దాం. కుర్రాడు లేవబోతుంటే, శిక్షకుడు ముందే చెవిలో ఊదినట్టుగా, ఆమె గొణుగుతుంది: “ఒక్కోసారి ఆ నీళ్లలోనే పోయుంటే బాగుండేదనిపిస్తోందయ్యా.”

సాధారణంగా ఎవరైనా ఏం చేస్తారు? “ఛ ఛ, అవేం మాటలక్కా” అంటారు. ఆ మాటతో తలుపు మూసుకుపోతుంది. శిక్షణలో నేర్పేది ఇందుకు పూర్తిగా ఎదురు. మళ్లీ కూర్చుని సూటిగా అడగాలి. “చచ్చిపోవాలని ఆలోచన వస్తోందా అక్కా? ఎలా చేయాలన్నది కూడా అనుకున్నారా?” అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని అందరికీ భయం. అడగడం వల్ల ప్రమాదం పెరగదని పరిశోధనలు చెబుతున్నాయి. “అంతదూరం లేదు నాయనా, విసుగుతో అన్నాను” అని ఆమె అంటే, ఆ మాట నమ్మి వదిలేయకుండా టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి, మర్నాడు పదకొండింటి రాకలో మళ్లీ అడగాలి. ఆ నంబరుకి పగలూ రాత్రీ ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన సేవ ఇది.

అలా కాక, ఆమె “మాత్రలు దాచుకున్నాను” అందనుకోండి. వలంటీరు పాత్ర అక్కడితో మారిపోతుంది. ఇంక ఓదార్చడం కాదు, అప్పగించడం. ఆమెను ఒంటరిగా వదలడు. ఆ మాత్రలు ఇంట్లోవాళ్ల చేత తీయిస్తాడు. “ఈ ఒక్క విషయం నా ఒక్కడి దగ్గరే ఉంచుకోలేనక్కా, బావగారికి చెప్పాలి, డాక్టరుకి చూపించాలి” అని ఆమెకే ముందు చెబుతాడు. టీం లీడరుకి ఫోన్ చేస్తాడు. ఆమె వెంట నమ్మకమైన మనిషిని పెట్టి, మానసిక వైద్య విభాగం ఉన్న ప్రభుత్వాసుపత్రికి ఆ రోజే పంపే ఏర్పాటు చూస్తాడు. అప్పటికే మింగేసి ఉంటే మాటలు లేవు, 108. రహస్యంగా ఉంచుతానని మొదట్లోనే ఒట్టు పెట్టేసిన వలంటీరు ఇక్కడ ఇరుక్కుపోతాడు. అందుకే మీరు చెప్పింది ఎవరికీ చెప్పనని మాటివ్వకూడదు. ప్రాణాపాయం ఉంటే తప్ప చెప్పనని ఇవ్వాలి. చిన్నపిల్లల మీద లైంగిక హింస జరిగినట్టు తెలిసినా అంతే. పోక్సో చట్టం ప్రకారం దాన్ని తెలియజేయడం బాధ్యత. వలంటీరు తనే ఆరా తీయకుండా లీడరుకి, 1098కి చెప్పాలి.

వరదల్లో ఒక్కో కేసు వేరేలా కనబడి మోసం చేస్తుంది. నా దృష్టిలో శిక్షణలో అరగంట ఎక్కువ కేటాయించాల్సింది దీనికే. రోజూ బాగా తాగే మనిషి డాబా మీద చిక్కుకుంటే, మందు ఒక్కసారిగా ఆగిపోతుంది. కొద్ది గంటల్లోనే చేతులు వణకడం, చెమటలు, చిరాకు మొదలవుతాయి. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకి తేదీ, చోటు తెలియక, లేని మనుషులూ పురుగులూ కనబడుతున్నాయంటూ అరవచ్చు. చుట్టుపక్కలవాళ్లు “వరద చూసి జడుసుకున్నాడు” అంటారు, దిష్టి తీస్తారు. అది భయం కాదు, ప్రాణం తీయగల స్థితి. గంటలు లెక్కపెట్టి ఆసుపత్రికి చేర్చాల్సిన పని. ఎప్పటినుంచి మందు లేదని ఇంట్లో అడిగితే సంగతి తేలిపోతుంది. ఫిట్స్‌కో మానసిక వ్యాధికో మందులు వాడుతూ ఆ మాత్రలు నీళ్లలో పోగొట్టుకున్నవాళ్లదీ ఇదే కథ. వాళ్లకి ఓదార్పు కంటే పాత చీటీ ఫోటో ఎవరి ఫోన్‌లోనైనా ఉందా, ఏ ఆసుపత్రిలో చూపించుకునేవాళ్లు అన్న ప్రశ్నలు ఉపయోగం. పక్కింటాయన మాత్రలు “ఇవీ నిద్రకేగా” అని ఇప్పించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లో కూడదు.

కలపడం అంటే ఇదంతానూ. చాలా శిక్షణల్లో ఇది చివరి పావుగంటలో ఓ జిరాక్సు కాగితం పంచడంతో ముగుస్తుంది. ఆ కాగితం మీద పదిహేను నంబర్లుంటాయి, సగం పలకవు. అలా కాకుండా, శిక్షణకి ముందురోజు ఎవరో ఒకరు కూర్చుని ప్రతి నంబరుకీ ఫోన్ చేసి చూడాలి. ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏయే రోజుల్లో ఉంటుంది, చీటీ ఎక్కడ రాయించుకోవాలి, ముంపు కాలనీ నుంచి అక్కడికి అసలు బస్సు తిరుగుతోందా అన్నవి కనుక్కోవాలి. ఏడెనిమిది పనిచేసే దారులు చాలు: అంబులెన్సుకి 108, అన్ని అత్యవసరాలకీ 112, మనసు బాగోలేనివాళ్లకి 14416, పిల్లలకి 1098, హింసకు గురైన ఆడవాళ్లకి 181, వృద్ధులకి 14567, దగ్గర్లోని ఆరోగ్య కేంద్రం, సచివాలయంలో నష్టపరిహారం చూసే మనిషి. చివరిది మానసిక సాయం కాదనిపించవచ్చు. కానీ జాబితాలో పేరెక్కాక నిద్ర పట్టినవాళ్లు ఎందరో ఉంటారు.

పంపే చీటీ ఎలా రాయాలన్నదీ చేయించి చూడాలి. “డిప్రెషన్”, “పిచ్చిగా ప్రవర్తిస్తున్నాడు” అని రాస్తారు మొదట. కొట్టేయించి, చూసింది చూసినట్టు రాయించాలి. “నాలుగు రాత్రులుగా నిద్రపోలేదు, రెండు రోజులుగా అన్నం ముట్టలేదు, బిడ్డకి పాలివ్వడం మానేసింది.” డాక్టరుకి పనికొచ్చేది ఇదే. పైగా ఆ కాగితం పొరుగింటివాళ్ల కంటపడినా ఆ మనిషికి పేరు తగిలించినట్టవదు. ప్రాణాపాయం లేనప్పుడు ఆ మనిషి ఒప్పుకుంటేనే పేరూ, ఫోన్ నంబరూ రాయాలి. వద్దంటే నంబరు చెప్పి ఊరుకోవాలి. వరద తగ్గి నెల దాటినా నిద్ర, తిండి, పని దారిలో పడకపోయినా, ఇంట్లోకి అడుగుపెట్టలేకపోయినా అప్పుడు వైద్యుణ్ని కలవమని ఇంటివాళ్లకి ముందే చెప్పి ఉంచాలి. వలంటీర్లు ఎప్పటికీ ఆ వీధిలో ఉండరు కాబట్టి, ఆశా కార్యకర్తకి ఆ ఇళ్ల సంగతి అప్పగించి మరీ వెళ్లాలి.

సాయంత్రం మిగిలిన గంట వలంటీర్ల సొంత సంగతులకి. ఇద్దరిద్దరుగానే వెళ్లాలి, రోజుకి ఇన్ని గంటలని హద్దు పెట్టుకోవాలి, సొంత డబ్బు ఇవ్వకూడదు, సొంత ఫోన్ నంబరు పంచకూడదు, ఏడుస్తున్నవాళ్ల ఫోటోలు తీయకూడదు. మన దగ్గర ఎక్కువగా తప్పేది ఈ చివరిదే. వాట్సాప్ గ్రూపులో “ఈ రోజు సేవ” అని పెట్టే ఫోటోలో ఎవరి ముఖమో ఉంటుంది, ఆ ముఖం వాళ్ల వియ్యాలవారి ఫోన్‌దాకా పోతుంది. గదిలో కూర్చున్న పాతికమందిలో సొంతిల్లు మునిగినవాళ్లు కూడా ఉంటారు. వాళ్లే ముందుగా పేరిస్తారు. వాళ్లని వద్దనడం బాగుండదు, వెంటనే ఇళ్లకి పంపడమూ సరికాదు. మొదటి వారం ఫోన్ల దగ్గర కూర్చోబెట్టి, ఎవరిని ఎక్కడికి పంపారో, వాళ్లు చేరారో లేదో కనుక్కునే పని అప్పగించవచ్చు. వీధిలో తిరిగేవాళ్లకి తీరిక దొరకని పని అది.